14 అడుగుల సందు: వెట్ మిక్స్ ఎక్కువ చూపించాడా, తారు తక్కువ చూపించాడా? లెక్క చూసి చెప్పండి

హొరమావు కోశాధికారి

అందరికీ నమస్కారం. బెంగళూరులో హొరమావు వైపు ఒక చిన్న ప్రైవేటు లేఅవుటు మాది. రోడ్లను పాలికె ఇంకా తన చేతిలోకి తీసుకోలేదు కాబట్టి, మా క్రాసు రోడ్డును ఇళ్లవాళ్లమే చందాలు వేసుకొని వేయించుకుంటున్నాం. డబ్బు లెక్క నా దగ్గర ఉంది కనుక ప్రశ్నలూ నాకే వస్తున్నాయి.

సందు పొడవు 315 అడుగులు, తారు పడే వెడల్పు 14 అడుగులు. పాతదంతా తవ్వి తీసేశారు, కింద గట్టి మొరం ఉంది. కాంట్రాక్టరు రాసిచ్చిన కాగితంలో రెండే వరసలు, ఒకటి కింద పరిచే తడి కంకర మిశ్రమానికి, ఒకటి పైన వేసే తారుకు: "వెట్ మిక్స్ 150 మి.మీ. – 3,000 ఘనపుటడుగులు. తారు 40 మి.మీ. – 30 టన్నులు."

నేను వేసిన లెక్క ఇది. 315ను 14తో గుణిస్తే 4,410 చదరపుటడుగులు. 150 మి.మీ. అంటే అర అడుగుకు ఒక వెంట్రుకవాసి తక్కువ. దానితో గుణిస్తే 2,170 ఘనపుటడుగులు వస్తోంది. ఆయన 3,000 అంటున్నాడు. మూడో వంతుకు పైగా ఎక్కువ! తారు టన్నుల్లో ఉంది కాబట్టి దాన్ని ఎలా సరిచూడాలో తెలియలేదు, సరిగానే ఉందనుకుంటున్నాను. కంకర విషయంలో ఆయన్ను నిలదీయవచ్చా?

లెక్కల మాస్టారు

అమ్మా, మీ గుణకారంలో తప్పు లేదు గానీ, సందు అంతటా 14 అడుగులే ఉంటుందని నమ్మకండి. లేఅవుటు సందులు ఒకచోట ఉబ్బి, ఇంకోచోట సన్నబడి ఉంటాయి. ప్రతి 12 మీటర్లకు ఒకసారి టేపు అడ్డంగా పట్టి వెడల్పు రాసుకోండి. మొదటి కొలతనూ చివరి కొలతనూ సగం చేసి, మధ్యవన్నీ పూర్తిగా కలిపి, మొత్తాన్ని 12తో గుణిస్తే వైశాల్యం వచ్చేస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లలు కూడా చేస్తారు.

పెద్ద రోడ్డులో కలిసే మూలల దగ్గర గుండ్రంగా విచ్చుకునే భాగం ఉంటుంది, దాన్నీ మరవకండి. వంపు వ్యాసార్ధం 3 మీటర్లైతే ఒక్కో మూలకు రెండు చదరపు మీటర్లకు కాస్త తక్కువ.

వృథా కింద పది శాతం కలపడం ఆనవాయితీ. మీ 2,170కి కలిపితే 2,400 లోపే. అంటే 600 ఘనపుటడుగులు ఆయన జేబులోకే. నిలదీయండి.

పది చక్రాల బండి

మాస్టారూ, తొందరపడకండి. నాకు రెండు టిప్పర్లు ఉన్నాయి, ఈ సరుకే తోలుతుంటాను. క్రషరులో బండి నింపినప్పుడు సరుకు పొంగి ఉంటుంది. ఘనపుటడుగులు కొలిచేది బండి తొట్టిలో. రోడ్డు మీద రోలరు తొక్కాక ఆ ఎత్తు ఉండదు. నిలదీస్తే కాంట్రాక్టరు నవ్విపోతాడు.

రోలరు వెనక మనిషి

పైన బండి ఆయన చెప్పిందే అసలు సంగతి. కోశాధికారిగారు రోలరు తొక్కిన తర్వాతి మందాన్ని, రోలరు తొక్కకముందు బండిలో ఉన్న ఘనపరిమాణంతో పోలుస్తున్నారు. 150 మి.మీ. అని ఎక్కడ రాసినా అది అణిగిన తర్వాతి మందమే. ఐఆర్‌సీ, కేంద్ర రహదారుల శాఖ పుస్తకాలన్నీ అలాగే రాస్తాయి. బండిలో ఉన్నది వదులు సరుకు. వెట్ మిక్స్‌కు ఈ రెండింటి మధ్య తేడా సుమారు 1.3 రెట్లు. రాళ్ల సైజుల కలయికను బట్టి, తేమను బట్టి అది 1.25 నుంచి 1.35 వరకు కదులుతుంది.

మీ 2,170ని 1.3తో గుణించి చూడండి. 2,820 వస్తుంది. అంచుల దగ్గర వెట్ మిక్స్‌ను తారు కన్నా కొంచెం బయటికి వేస్తారు కాబట్టి అది కూడా కలిస్తే 3,000 అన్యాయమైన అంకె కాదు. మాస్టారు చెప్పిన పది శాతం వృథాకు పనికొస్తుంది గానీ, అణగడం వృథా కాదు కదా. సరుకు ఎక్కడికీ పోలేదు, మధ్యలో ఉన్న గాలి పోయింది, అంతే.

నేనైతే కంకరను కూడా ఘనపుటడుగుల్లో ఒప్పుకోను, టన్నుల్లోనే రాయించుకుంటాను. వదులుగా పోసినా, గట్టిగా తొక్కినా బరువు మారదు. ఘనపరిమాణం దారిలో కుదుపులకు కూడా మారుతుంది. పైన చెప్పిన పద్ధతిలో వెడల్పులు కొలిచి ఇక్కడ పెట్టండి, టన్నులు చెబుతాను. అంచుల దగ్గర ఏముందో కూడా రాయండి: కాలువ గోడా, ఖాళీ మట్టా?

ఇక, సరిగానే ఉందనుకుంటున్నానని మీరు వదిలేసిన ఆ 30 టన్నుల మీదే నాకు అనుమానం.

అంబత్తూరు అత్తయ్య

చెన్నై నుంచి రాస్తున్నాను. మా దగ్గర కంకర యూనిట్లలో అమ్ముతారు, యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. మీ లెక్కలో 30 యూనిట్లు. కానీ అమ్మాయీ, పాత రోడ్డు మీదే ఇంకో పొర వేయనిస్తున్నారా? అస్సలు ఒప్పుకోవద్దు. మా వీధిలో పొర మీద పొర వేసి వేసి, ఇంటి గడప కన్నా రోడ్డు ఎత్తయింది. వాన పడితే నీళ్లు హాల్లోకే వస్తాయి. ఇప్పుడు పాత పొరను మిషనుతో గీకి తీసి, ఆ తర్వాతే కొత్తది వేస్తున్నారు. మీరూ గీకించండి.

హొరమావు కోశాధికారి

అత్తయ్యగారూ, మేము పాత పొర మీద వేయడం లేదు, మొత్తం తవ్వేశాం. కానీ గడపల సంగతి గుర్తుచేసి మంచి పని చేశారు. 150, 40 కలిపి 190 మి.మీ. ఎత్తు వస్తుంది కదా, ఇప్పుడు తవ్విన లోతు రెండు ఇళ్ల దగ్గర అంత లేదు. అక్కడ ఇంకా తవ్వమని చెప్పాను.

రోలరుగారూ, ఈ రోజు సాయంత్రం మా అబ్బాయితో టేపు పట్టించాను. మొత్తం పొడవు 96 మీటర్లు. వెడల్పులు వరసగా, మీటర్లలో: 4.2, 4.3, 4.1, 4.0, 4.2, 4.4, 4.6, 4.3, 4.1. ఒకవైపు పొడవునా కాలువ గోడ ఉంది. రెండోవైపు మట్టి. పెద్ద రోడ్డు దగ్గర రెండు గుండ్రటి మూలలు ఉన్నాయి, మూడు మీటర్ల వంపు అనుకోవచ్చు.

లెక్కల మాస్టారు

మొదటిదాన్నీ చివరిదాన్నీ సగం చేసి కలిపితే 4.15. మధ్యవి ఏడూ కలిపితే 29.9. మొత్తం 34.05, 12తో గుణిస్తే 408.6 చదరపు మీటర్లు. మూలలు రెండూ కలిపి ఇంకో 3.9. మొత్తం 412 అనుకోండి. మ్యాన్‌హోల్ మూతల వైశాల్యం తీసేయనక్కరలేదు, నాలుగైదు మూతలు కలిసినా ఒక చదరపు మీటరు పైచిలుకే.

రోలరు వెనక మనిషి

మాస్టారికి ధన్యవాదాలు. ఇక వెట్ మిక్స్.

412 చదరపు మీటర్లను 0.15 మీటర్లతో గుణిస్తే 61.8 ఘనపు మీటర్లు. మట్టి ఉన్న వైపు వెట్ మిక్స్ 15 సెంటీమీటర్లు బయటికి రావాలి, లేకపోతే తారు అంచుకు కింద ఆధారం ఉండదు, కారు చక్రం అంచున ఎక్కగానే విరుగుతుంది. దానికి ఇంకో 2.2 ఘనపు మీటర్లు. కాలువ గోడ వైపు ఆ అవసరం లేదు. మొత్తం 64 ఘనపు మీటర్లు, అణిగిన లెక్కలో.

మన వైపు గ్రానైటు రాయితో చేసిన వెట్ మిక్స్ బాగా అణిగాక ఘనపు మీటరు 2.15 నుంచి 2.25 టన్నులు తూగుతుంది. 2.2 తీసుకుంటే 141 టన్నులు. ఇది పొడి బరువు. వెట్ మిక్స్‌ను పేరుకు తగ్గట్టే నీళ్లు కలిపి పంపుతారు, సుమారు అయిదు శాతం. కాబట్టి వేబ్రిడ్జి కాటా మీద అదే సరుకు 148 టన్నులు చూపిస్తుంది. ఆ ఏడు టన్నులూ నీళ్లే, కానీ అవి లేకపోతే సరుకు అణగదు కాబట్టి వాటికి డబ్బు కడుతున్నామని బాధపడకండి. వాన పడిన మర్నాడు వచ్చిన లోడ్ల విషయంలో మాత్రం కాస్త జాగ్రత్త. ఎనిమిది శాతం తేమతో వస్తే నీళ్ల బరువూ పెరుగుతుంది, రోలరు కింద సరుకు మెత్తగా ఊగుతుంది కూడా.

వదులు లెక్కలో చూస్తే 64ను 1.3తో గుణిస్తే 83 ఘనపు మీటర్లు, అంటే 2,940 ఘనపుటడుగులు. కాంట్రాక్టరు 3,000 రాశాడు. ఆ వరసలో ఆయన నిజాయితీగానే ఉన్నాడు.

పది చక్రాల బండి

నా అనుభవంలోనూ తడి వెట్ మిక్స్ 100 ఘనపుటడుగులకు అయిదు టన్నులకు అటూ ఇటూ తూగుతుంది. 3,000కి 150 టన్నులు. లెక్క కుదిరింది. ఉత్త జల్లి అయితే అంత తూగదు, అందులో సన్న దుమ్ము లేక ఖాళీలు ఎక్కువ.

సర్జాపుర నివాసి

మా దగ్గర కూడా ఇలాగే లెక్క వేసుకొని తెప్పిస్తే చివర్లో ఒక లోడు తక్కువ పడింది. అందరూ కాంట్రాక్టరును అనుమానించారు. తీరా చూస్తే కావేరి నీళ్ల గొట్టం కోసం తవ్వి పూడ్చిన కాలువ సందు పొడవునా కుంగి ఉంది. రోలరు రెండుసార్లు తిరగగానే అది ఇంకా దిగింది, వెట్ మిక్స్ అంతా అందులోకి పోయింది. మీ సందులో గొట్టం వేశారా?

హొరమావు కోశాధికారి

వేశారు. గోడకు మీటరు దూరంలో, పొడవునా. రెండడుగుల వెడల్పు ఉంటుంది. మట్టి పోసి వదిలేశారు.

రోలరు వెనక మనిషి

అయితే అది ముందు చూసుకోండి. 60 సెంటీమీటర్ల వెడల్పు కాలువ 96 మీటర్ల పొడవునా పది సెంటీమీటర్లు కుంగితే 5.8 ఘనపు మీటర్లు. దాదాపు 13 టన్నుల వెట్ మిక్స్ అందులోకి పోతుంది. టన్నులకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, అక్కడ 150కి బదులు 250 మి.మీ. మందం ఒకేసారి వేసి తొక్కితే పైన గట్టిపడి కింద వదులుగా మిగులుతుంది. 200 మి.మీ. దాటిన పొరను ఒకే విడతలో అణచడం మంచిది కాదు. వచ్చే వానాకాలానికి తారు మీద సందు పొడవునా ఒక గాడి కనబడుతుంది.

వెట్ మిక్స్ రాకముందే ఆ కాలువ మీద నీళ్లు పట్టించి, చిన్న కంపాక్టరుతో కొట్టించి, కుంగినంత మేర మొరంతో నింపించండి. ఖర్చు తక్కువ. ఆ తర్వాత 148 టన్నుల లెక్క నిలబడుతుంది.

పుణె పక్షి

తారు సంగతి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి నేను చెబుతాను. పుణెలో ఎనిమిదేళ్లు రోడ్ల పనిలో ఉన్నాను. 412ను 0.04తో గుణిస్తే 16.5 ఘనపు మీటర్లు. తారు మిశ్రమం ఘనపు మీటరు 2.45 టన్నులు. అంటే 40 టన్నులు కావాలి. ఆయన 30 అన్నాడు. నాలుగో వంతు ఎగ్గొట్టాడు. ఈసారి నిలదీయవచ్చు.

రోలరు వెనక మనిషి

దారి సరైనదే, సాంద్రత మాత్రం మీ ఊరిది. పుణె చుట్టుపక్కల రాయి నల్ల బసాల్టు, దాని సాపేక్ష సాంద్రత 2.8 పైనే. బెంగళూరు చుట్టూ ఉన్న క్రషర్లలో వచ్చేది గ్రానైటు, నైసు రాయి. అది 2.65 దగ్గర ఉంటుంది. మిశ్రమం బరువులో 94, 95 శాతం రాయే కాబట్టి తేడా నేరుగా కనబడుతుంది. ఇక్కడి బీసీని, అంటే పై పొరకు వేసే తారు మిశ్రమాన్ని, ఒక్క గాలి బుడగ కూడా లేకుండా ఊహించుకున్నా ఘనపు మీటరుకు 2.44 టన్నులు దాటదు. రోడ్డు మీద రోలరు తొక్కాక ఆరేడు శాతం గాలి మిగులుతుంది. అందుకని మన సందులకు 2.3 తీసుకోవాలి. మీ 2.45తో ఆర్డరు పెడితే రెండున్నర టన్నులు మిగిలిపోతాయి, వేడి తారు మిగిలితే వెనక్కి తీసుకునేవాడు ఉండడు.

2.3తో లెక్కిస్తే 37.9, అంటే 38 టన్నులు. చదరపు మీటరుకు 92 కిలోలు. ఒక సెంటీమీటరు మందానికి 23 కిలోలని కోశాధికారిగారు ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతాదంతా దాన్నుంచే వస్తుంది.

ఇప్పుడు ఆయన 30 టన్నులను వెనక నుంచి చూద్దాం. 30,000 కిలోలను 412తో భాగిస్తే చదరపు మీటరుకు 73 కిలోలు. 23తో భాగిస్తే 3.2 సెంటీమీటర్లు. కాంట్రాక్టరు మీకు అమ్ముతున్నది 40 కాదు, 32 మి.మీ. రోడ్డు. ఈ 32 ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసనుకుంటున్నాను, కానీ ముందు ఆయన్నే అడగండి: 40 అన్నది రోలరుకు ముందా, తర్వాతా?

పుణె పక్షి

ఇక్కడ కూడా కొన్ని ప్లాంట్ల కాగితాల్లో 2.4 చూశాను. అందరూ 2.3కే వేయరు.

రోలరు వెనక మనిషి

ప్లాంటు కాగితంలో ఉండేది తరచుగా ల్యాబ్ అచ్చులో సుత్తితో కొట్టిన సాంద్రత. రోడ్డు మీద అంత రాదు. అయినా వేసేది ఏ ప్లాంటు మిశ్రమమో తెలిస్తే, దాని కాగితం చూసి 2.3ను సవరించుకోవచ్చు, తప్పేమీ లేదు. 2.35 అయితే 38.7 టన్నులు. మన గొడవ 30కీ 38కీ మధ్య ఉంది, 38కీ 39కీ మధ్య కాదు.

హొరమావు కోశాధికారి

అడిగాను. ఆయన మాట ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "మేడం, పరిచేటప్పుడు స్కేలు పెట్టి 40 చూపిస్తాం. తర్వాత రోలరు కింద ఎంత అణుగుతుందో మా చేతిలో లేదు." చాలా మామూలుగా చెప్పాడు, దాచిపెట్టే ఉద్దేశం కూడా కనబడలేదు. మా క్రాసులో ఇద్దరు పెద్దమనుషులు "పరిచేటప్పుడు 40 చూపిస్తే చాలదా?" అంటున్నారు.

రోలరు వెనక మనిషి

చాలదు. నేను అనుకున్నదీ అదే. వేడి తారు పరిచినప్పుడు ఉన్న మందం, రోలరు తొక్కాక అయిదో వంతు తగ్గుతుంది. పరిచినప్పుడు 40 ఉంటే చివరికి 32. తొక్కాక 40 కావాలంటే పరిచేటప్పుడు 50 ఉండాలి. ఇది పేవరు మిషనుతో పరిస్తే. చిన్న సందు కనుక కూలీలు పారలతో, రేకులతో లాగితే మిశ్రమం ఇంకా వదులుగా పడుతుంది, అప్పుడు 52 నుంచి 55 వరకు పెట్టాలి.

తమాషా ఏమిటంటే, కంకర దగ్గర ఆయన మందాన్ని అణిగిన తర్వాత లెక్కించాడు, తారు దగ్గర అణగకముందు లెక్కించాడు. రెండు వరసలూ ఒకే కాగితం మీద ఉన్నాయి! ఖరీదు ఎక్కువ ఉన్న సరుకు దగ్గరే కొలత మారింది. కావాలని చేశాడని అనను, చాలామంది చిన్న కాంట్రాక్టర్లు అలాగే మాట్లాడతారు. కాగితంలో మాత్రం "రోలింగ్ పూర్తయ్యాక 40 మి.మీ., చదరపు మీటరుకు 92 కిలోలకు తక్కువ కాకుండా" అని రాయించండి.

8 మి.మీ. తేడాకు ఇంత రాద్ధాంతమా అని మీ పెద్దమనుషులు అడిగితే ఇలా చెప్పండి. ఈ మిశ్రమంలో పెద్ద రాయి 13 మి.మీ. ఉంటుంది. పొర కనీసం దానికి మూడు రెట్లు ఉంటేనే రాళ్లు సర్దుకుంటాయి. సగటు 32 అంటే, వెట్ మిక్స్ ఉబ్బుగా ఉన్న చోట్ల 22, 24 కూడా ఉంటుంది. అక్కడ రోలరు రాయిని నొక్కి పగలగొడుతుంది, పైకి తెల్లటి మచ్చలు కనబడతాయి. పొర సన్నగా ఉంటే త్వరగా చల్లారుతుంది కాబట్టి అణగదు కూడా. మొదట గుంతలు పడేది ఆ చోట్లలోనే.

సీమ సివిల్

నా మాట వేరు. వెట్ మిక్స్ మీద నేరుగా 40 బీసీ వేయడమే సరి కాదు. కింద పెద్ద రాళ్ల తారు మిశ్రమం డీబీఎం 50 మి.మీ. వేసి, పైన 30 బీసీ వేయాలి. 38 టన్నులా 30 టన్నులా అని కొట్టుకోవడం కన్నా అది ముఖ్యం.

రోలరు వెనక మనిషి

లారీలు తిరిగే రోడ్డుకైతే మీ మాటే నా మాట. కార్లు, పాల బండి, వారానికోసారి నీళ్ల ట్యాంకరు తిరిగే సందుకు రెండు పొరలు వేయాలంటే తారు ఖర్చే దాదాపు రెట్టింపు.

సీమ సివిల్

నీళ్ల ట్యాంకరును తక్కువగా చూడకండి. నిండు ట్యాంకరు వెనక ఇరుసు బరువు ఎంతో మీకు తెలియనిది కాదు. హొరమావు వైపు వేసవిలో వారానికోసారి కాదు, రోజూ వస్తుంది. ఒకటే పొర వేసేటట్టయితే 50 వేయండి, 40 కాదు.

హొరమావు కోశాధికారి

ట్యాంకరు మార్చి నుంచి రోజూ వస్తుంది, అది నిజం. 50 మి.మీ. అయితే 92 బదులు 115 కిలోలు, మొత్తం 47 టన్నుల పైన. సంఘంలో పెట్టి చూస్తాను, ఒప్పుకుంటారన్న ఆశ తక్కువ. ఇప్పటికి 40 అనుకొనే అడుగుతున్నాను: సరిగ్గా 38 ఆర్డరు పెట్టాలా, ఎక్కువ పెట్టాలా?

రోలరు వెనక మనిషి

అది వెట్ మిక్స్ ఉపరితలం చెబుతుంది. మూడు మీటర్ల అల్యూమినియం పట్టీని దాని మీద పెట్టి, కింద ఖాళీ ఎంత ఉందో అక్కడక్కడ చూడండి. పల్లాలన్నీ తారుతోనే నిండుతాయి. సగటున 3 మి.మీ. పల్లం ఉంటే దాదాపు 3 టన్నులు అదనం. సెంటీమీటరు తగ్గు ఉంటే తొమ్మిదిన్నర టన్నులు! తారుతో పల్లాలు పూడ్చడమంటే మట్టికి బదులు వెండితో గోడ మెత్తినట్టు. అందుకే తారు పట్టుకోవడానికి చల్లే ప్రైమ్ కోటు కొట్టకముందే వెట్ మిక్స్‌ను సరిచేయించాలి. బాగా వచ్చిందనుకుంటే 40 టన్నులు చెప్పండి, డబ్బు మాత్రం కాటా చీటీలో ఉన్న బరువుకే.

పది చక్రాల బండి

కాటా చీటీ అంటే ఉత్త చీటీ కాదు. నిండు బరువు, ఖాళీ బరువు రెండూ ఒకే రోజువి ఉండాలి. బండి నంబరు, సమయం చూసుకోండి. మీ దారిలో ఉన్న ఏదో ఒక కాటా మీరే ఎంచుకొని అక్కడ తూయించండి. పాత చీటీని మళ్లీ చూపించేవాళ్లు ఉంటారు.

ఇంకో మాట. మూడు ఇరుసుల టిప్పరు నిండుగా 28.5 టన్నుల వరకు ఉండవచ్చు, ఖాళీ బండి పోగా పదిహేడు పద్దెనిమిది టన్నుల సరుకు పడుతుంది. ఆ బండి మీ 14 అడుగుల సందులో తిరగదు, వెనక్కి నడిపిస్తూ రావాలి. తొట్టి పైకెత్తినప్పుడు కరెంటు తీగలు తగలకుండా చూసుకోండి. పది టన్నుల ఆరు చక్రాల బండ్లు నాలుగు అయితే మీకు సుఖం. కానీ నాలుగూ ఒకేసారి పంపించనివ్వకండి. నాలుగోది వంతు వచ్చేసరికి చల్లారిపోతుంది.

రోలరు వెనక మనిషి

సరిగ్గా చెప్పారు. వీజీ-30 రకం తారైతే పరిచేటప్పుడు 140 డిగ్రీలకు తగ్గకూడదు, 90కి దిగకముందే రోలింగ్ ముగియాలి. ముల్లు లాంటి థర్మామీటరు ఒకటి కొని బండిలోనే గుచ్చి చూడండి. పైన తెట్టు కట్టి లోపల వేడిగా ఉండటం మామూలే, ఒక జానెడు లోతున చూడండి.

దీనికీ టన్నులకూ సంబంధం ఉంది. పని అయ్యాక 38 టన్నుల చీటీలు చేతిలో ఉన్నాయి, రెండు చోట్ల కోసి చూస్తే మందం 45 మి.మీ. వచ్చిందనుకుందాం. అందరూ సంతోషిస్తారు, "చూశారా, ఎక్కువే వేశాడు" అని. 38ని, 412ను 0.045తో గుణించగా వచ్చిన దానితో భాగించండి. 2.05 వస్తుంది. అంటే సరుకు ఎక్కువ రాలేదు, అణగలేదు. చల్లారిన తారు మీద రోలరు ఊరికే తిరిగింది. అలాంటి రోడ్డు నీళ్లు తాగుతుంది, రెండు వానాకాలాలు కూడా నిలవదు. టన్నులు సరిపోయి, మందం కూడా సరిపోయినప్పుడే రోడ్డు సరిపోయినట్టు.

లెక్కల మాస్టారు

ఇది బాగుంది. బరువు, మందం, సాంద్రత, ఈ మూడింటిలో ఏ రెండు తెలిసినా మూడోది బయటపడుతుంది. కానీ కోసి చూడటమంటే కొత్త రోడ్డుకు చిల్లులు పెట్టడమే కదా, సంఘం ఒప్పుకుంటుందా?

పుణె పక్షి

కోర్ కట్టరుతో నాలుగంగుళాల చిల్లు. అదే మిశ్రమంతో వెంటనే పూడ్చేస్తారు. ఈ పరీక్ష ఉంటుందని కాగితంలో ముందే రాస్తే, చాలాసార్లు కోయాల్సిన అవసరమే రాదు.

హొరమావు కోశాధికారి

కాంట్రాక్టరు కొత్త కాగితం ఇచ్చాడు. వెట్ మిక్స్ 148 టన్నులు, కాటా మీద. తారు "రోలింగ్ తర్వాత 40 మి.మీ.", 38 నుంచి 40 టన్నులు, చీటీ బరువుకే బిల్లు. గొట్టం కాలువ పూడ్చడం వేరే వరసగా రాశాడు. తారు మొత్తం పెరిగింది కాబట్టి ధర కూడా పెంచాడు, టన్ను రేటు మాత్రం మార్చలేదు. మ్యాన్‌హోల్ మూతలు ఎత్తు పెంచే ఖర్చు మాత్రం "మాది కాదు" అంటున్నాడు. నాలుగు మూతలు ఉన్నాయి. మామూలుగా అది ఎవరు పెట్టుకుంటారు?

సీమ సివిల్

కాగితంలో లేకపోతే మీరే. తారు వేయకముందే ఎత్తించండి, తర్వాత పగలగొట్టి ఎత్తితే చుట్టూ అతుకు పడుతుంది. 50 మి.మీ. సంగతి సంఘంలో అడిగారా?

హొరమావు కోశాధికారి

ఆదివారం మీటింగు ఉంది. ట్యాంకరు ఎవరి ఇంటికి ఎక్కువ వస్తుందో ఆ ఇంటివాళ్లే తేడా పెట్టుకోవాలని అప్పుడే ఒకరు గ్రూపులో రాశారు.